చిన్న కథ: ఆదివారం రిమోట్. ముగింపు కుదరట్లేదు, చూసి చెప్పండి

పెన్సిల్‌ముక్క

ఒక చిన్న కథ రాస్తున్నాను. ఆదివారం సాయంత్రం టీవీలో ఏం చూడాలని ఇంట్లో గొడవ, చివరికి ఒప్పందం, అంతే విషయం. గొడవ దాకా పెన్ను బాగానే నడిచింది, ఒప్పందం దగ్గరకొచ్చేసరికి మొరాయించింది. ఇప్పుడున్న ముగింపుతో సహా పెడుతున్నాను. మొహమాటపడకండి.

*ఎనిమిదవడానికి ఇంకా పది నిమిషాలుంది. రిమోట్ నాన్న దగ్గరుంది. దగ్గరంటే చేతిలో కాదు, తొడ కింద పెట్టుకుని దానిమీద కూర్చున్నాడు.*

*"ఇవాళ మ్యాచ్" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.*

*"పోయిన ఆదివారమూ మ్యాచే" అంది అమ్మ. "ఇవాళ కొత్త సినిమా వేస్తున్నారు. వారం నుంచి చెబుతున్నా."*

*"ఎనిమిదింటికి పాటల పోటీ ఉంది" అంది నాన్నమ్మ, కళ్లజోడు తుడుచుకుంటూ. "ఆ చిన్నపిల్ల ఇవాళ పాడుతుందట."*

*"అమ్మా, పాటలు మాత్రం నా వల్ల కాదు. పాడినవాళ్లు ఏడుస్తారు, విన్నవాళ్లు ఏడుస్తారు, మార్కులు వేసేవాళ్లు ఇంకా ఏడుస్తారు. దానికన్నా సినిమా నయం, కనీసం ఓ కునుకు తీయొచ్చు."*

*"సినిమా వద్దురా, ఆ కొట్టుకోవడాల మోతకి నాకు తల దిమ్మెక్కిపోతుంది. దానికంటే నీ మ్యాచే మేలు. పచ్చగా కంటికి హాయిగా ఉంటుంది, మధ్యలో మాట్లాడుకోవచ్చు."*

*"పాటలైనా సరే అత్తయ్యా, మ్యాచ్ మాత్రం వద్దు" అంది అమ్మ. "ఇంకో రెండు ఓవర్లే అంటారు ఈయన. ఆ రెండు ఓవర్లు పదకొండైనా అవ్వవు."*

*"మరి నాకేం కావాలో ఎవరూ అడగరా?" అంది చిన్ని.*

*"నీకు రేపు స్కూలుంది" అన్నారు ముగ్గురూ ఒక్కసారే. ఆ సాయంత్రం మొత్తానికి వాళ్లు ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ ఒక్క విషయంలోనే.*

*అంతలో కరెంటు పోయింది. చీకట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నాన్నమ్మ సన్నగా ఒక పాత పాట ఎత్తుకుంది. అమ్మ గొంతు కలిపింది. నాన్న తొడమీద తాళం వేశాడు. కరెంటు వచ్చాక కూడా టీవీ పెట్టాలని ఎవరికీ గుర్తు రాలేదు.*

సూటిగా

చదివాను. ఇందులో కథ ఏముంది? ముగ్గురున్నారు, ఓటింగ్ పెట్టుకుంటే సరిపోతుంది. ముగ్గురంటే బేసి సంఖ్య, టై అయ్యే ప్రసక్తే లేదు. మెజారిటీకి ఏదో ఒకటి వస్తుంది, మిగతావాళ్లు నోరు మూసుకుని చూస్తారు. రెండు నిమిషాల పని.

మాఇంటిగోల

అయ్యో, మీ బాధ నాకు బాగా అర్థమైంది. మా ఇంట్లోనూ సరిగ్గా ఇదే వరస. మా మావగారు వార్తలు తప్ప ఇంకోటి పెట్టనిచ్చేవారు కాదు. చివరికి మేం వంతులు వేసుకున్నాం, ఒక ఆదివారం ఒకరిది. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత నా వంతు వచ్చిన రోజే ఎప్పుడూ ఏదో ఒక ఫైనల్ వచ్చేది, "ఈ ఒక్కసారికి మార్చుకుందాం, వచ్చేవారం నీదే" అనేవారు. ఆ వచ్చేవారం ఇంతవరకూ రాలేదు. మీరు వంతులు పెట్టుకునేటట్టయితే ముందే కాగితం మీద రాసి గోడకి అంటించండి. మీ అత్తగారికి పాటలంటే ఇష్టం కాబట్టి ఆవిడని మీ వైపు తిప్పుకోవడం పెద్ద కష్టం కాదు.

పెన్సిల్‌ముక్క

మాఇంటిగోల గారూ, ఇది మా ఇంటి సంగతి కాదండీ, కథ. మా ఇంట్లో అసలు టీవీయే లేదు. కానీ ఆ "వచ్చేవారం నీదే" మాత్రం బాగుంది, ఎక్కడో వాడుకుంటాను, ఏమనుకోకండి.

ఎర్రసిరా

గొడవ బాగా వచ్చింది. తొడ కింద రిమోట్, "నీకు రేపు స్కూలుంది" రెండూ కుదిరాయి. ముగింపు మాత్రం కుదరలేదు. మీకే అనుమానం ఉంది కాబట్టి అడిగారు, ఎందుకు కుదరలేదో నేను చెబుతాను.

కరెంటు పోవడం ఆ నలుగురిలో ఎవరూ చేసిన పని కాదు. వాళ్లు ఒప్పుకోలేదు, ఒప్పుకోవాల్సిన అవసరాన్ని మీరు తీసేశారు. కథ ఒక ప్రశ్న అడిగింది, రచయిత లైటార్పి వెళ్లిపోయాడు. పైగా చీకట్లో పాట పాడుకోవడం నాలుగైదు వందల కథల్లో వచ్చేసింది. టీవీ చెడ్డది, పాట మంచిది అనే నీతి వాసన కూడా అందులోంచి వస్తోంది. పాఠకుడు ఆ గొడవలో కూర్చున్నది అది ఎలా తేలుతుందో చూద్దామని. తేల్చాల్సింది వాళ్లలోనే ఎవరో ఒకరు, వాళ్ల దగ్గరున్న సరుకుతోనే.

ఇంకో మాట. మీరు చాలా మంచి పని ఒకటి చేశారు, మీకు తెలిసి చేశారో లేదో నాకు తెలీదు. ప్రతి మనిషికీ ఏం కావాలో మాత్రమే కాదు, ఏది అస్సలు వద్దో కూడా చెప్పించారు. చాలామంది కొత్తగా రాసేవాళ్లు ఒక మనిషికి ఒక కోరిక ఇచ్చి ఊరుకుంటారు, అందుకే వాళ్ల గొడవలు "నాకిది", "కాదు నాకది" దగ్గరే తిరుగుతుంటాయి. మీ కథలో కదలడానికి చోటుంది. ఆ చోటు వాడుకోండి.

లెక్కలపిచ్చి

ఎర్రసిరా గారు చెప్పిన ఆ రెండో ముక్క చదివి కథలోకి మళ్లీ వెళ్లాను. పెన్సిల్‌ముక్క గారూ, మీరు కావాలని రాశారో, యాదృచ్ఛికంగా పడిందో కానీ, ఇందులో ఒక అందమైన ముడి ఉంది. వాళ్ల మాటల్లోంచే వరసలు తీశాను చూడండి.

నాన్నకి ముందు మ్యాచ్, తర్వాత సినిమా, ఆఖరున పాటలు. అమ్మకి ముందు సినిమా, తర్వాత పాటలు, ఆఖరున మ్యాచ్. నాన్నమ్మకి ముందు పాటలు, తర్వాత మ్యాచ్, ఆఖరున సినిమా.

ఇప్పుడు సూటిగా గారి ఓటింగ్ పెడదాం. మూడింటికీ ఒకేసారి పెడితే తలా ఒక ఓటు, ఏమీ తేలదు. అందుకని రెండేసి చొప్పున పెడదాం. మ్యాచా, సినిమానా అంటే నాన్న, నాన్నమ్మ మ్యాచ్ అంటారు, మ్యాచ్ గెలిచింది. సినిమానా, పాటలా అంటే నాన్న, అమ్మ సినిమా అంటారు, సినిమా గెలిచింది. అంటే మ్యాచ్ సినిమాని ఓడించింది, సినిమా పాటల్ని ఓడించింది. ఇక మ్యాచ్ పాటల్ని చిత్తుగా ఓడించాలి కదా? పెట్టి చూడండి. అమ్మ, నాన్నమ్మ ఇద్దరూ పాటలే అంటారు. పాటలే గెలిచాయి!

దేన్ని గెలిపించినా, దానికంటే ఇంకోటి మేలనేవాళ్లు ఇంట్లో ఇద్దరుంటారు. ఫ్రాన్స్‌లో కాండోర్సే అనే ఆయన 1785లోనే ఈ తిరకాసు రాసి పెట్టాడు. ముగ్గురిలో ఎవరి బుర్రలోనూ గందరగోళం లేదు, ఎవరి వరస వాళ్లకి సాఫీగానే ఉంది. ముగ్గుర్నీ కలిపేసరికే అది చక్రంలా తిరుగుతుంది.

సూటిగా

సరే, చక్రం ఒప్పుకున్నా. అయితే మార్కులు వేయండి. మొదటిదానికి మూడు, రెండోదానికి రెండు, మూడోదానికి ఒకటి. ఎక్కువ మార్కులు దేనికొస్తే అది.

లెక్కలపిచ్చి

వేశాను. మ్యాచ్‌కి నాన్న మూడు, నాన్నమ్మ రెండు, అమ్మ ఒకటి, మొత్తం ఆరు. సినిమాకి ఆరు. పాటలకీ ఆరే. వరసలు అంత పొందికగా పడ్డాయి. మీ పద్ధతి తప్పని కాదు, వేరే ఇంట్లో పనిచేయొచ్చు, ఈ ఇంట్లో మాత్రం పనిచేయదు.

సూటిగా

చిన్నికి కూడా ఓటివ్వండి మరి. పిల్లకి ఓటు లేకపోవడమేంటి?

ఎర్రసిరా

ఇస్తే లెక్క తేలుతుందేమో, కథ మాత్రం చప్పబడుతుంది. చిన్ని ఓటుతో గెలిస్తే అది ఆ పిల్ల ఇష్టం మీద తేలినట్టు, పెద్దవాళ్ల మధ్య ఏమీ జరగనట్టు. ఆ పిల్లకి ఓటు లేకపోవడమే ఆ పిల్ల బలం. పక్కన కూర్చుని అన్నీ చూసేది అదొక్కతే.

లెక్కలపిచ్చి గారూ, ఇలాంటి చక్రం ఉన్నప్పుడు రోజూ జనం ఏం చేస్తారు? ఏదో ఒకటి చూస్తూనే ఉంటారు కదా.

లెక్కలపిచ్చి

మంచి ప్రశ్న. ఎవరో ఒకరు పెద్దరికం తీసుకుని "ముందు ఈ రెండింట్లో ఒకటి తేల్చండి, గెలిచినదాన్ని మూడోదానితో పెడదాం" అంటారు. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. కానీ చక్రం ఉన్నచోట ఆ వరస ఎవరు నిర్ణయిస్తే వాళ్లదే రాజ్యం. చివర్లో బరిలోకి దిగేది గెలుస్తుంది.

ఉదాహరణకి నాన్న ఇలా అన్నాడనుకోండి: "నా మ్యాచ్ సంగతి తర్వాత, ముందు మీ అత్తాకోడళ్లు సినిమానో పాటలో తేల్చుకోండి." ఎంత త్యాగమో! అందరూ మనసులో ఉన్నదే చెబితే సినిమా గెలుస్తుంది, ఎందుకంటే నాన్న కూడా సినిమాకే ఓటేస్తాడు. తర్వాత సినిమాకీ మ్యాచ్‌కీ పెడితే నాన్నమ్మ మ్యాచ్ వైపొస్తుంది. నాన్న కోరుకున్నదే టీవీలో వస్తుంది, పైగా అంతా ప్రజాస్వామ్యం.

దీనికి విరుగుడు అమ్మ దగ్గరుంది. సినిమాకి చెయ్యెత్తితే చివరికి వచ్చేది తనకి అస్సలు పడని మ్యాచే అని ముందే పసిగడితే, మొదటి విడతలో పాటలకి చెయ్యెత్తుతుంది. పాటలు గెలుస్తాయి. రెండో విడతలో పాటలకీ మ్యాచ్‌కీ పోటీ, అత్తాకోడళ్లిద్దరూ పాటలే. అమ్మకి మొదటిది దక్కలేదు కానీ మూడోది తప్పింది.

కొత్తపాఠకుడు

నాకో సందేహం. ఈ రోజుల్లో సినిమా ఎప్పుడు కావాలంటే అప్పుడు ఫోన్‌లో చూసుకోవచ్చు కదా, అమ్మ ఎందుకంత పట్టు పడుతోంది? మ్యాచ్ అయితే ఆ రోజు పోతే పోయినట్టే. న్యాయంగా చూస్తే నాన్నదే అసలైన కారణం అనిపిస్తోంది నాకు.

ఎర్రసిరా

అది సందేహం కాదు, కథలో ఉన్న చిల్లు. పెన్సిల్‌ముక్క గారు ఒక్క వాక్యంతో పూడ్చాలి. ఫోన్‌లో ఒక్కతే చూసుకునే సినిమా ఆవిడకి అక్కర్లేదు. నవ్వొచ్చేచోట పక్కకి తిరిగి చూస్తే ఇంకెవరో కూడా నవ్వుతుండాలి. ఆ సంగతి ఆవిడ చెప్పకూడదు, మనకి తెలియాలి.

పెన్సిల్‌ముక్క

కరెంటు తీసేశాను, అంటే మళ్లీ ఇచ్చేశాను. నాన్న చెప్పే వరస, అమ్మ విరుగుడు రెండూ వాడుకుని రాసింది ఇది. "నీకు రేపు స్కూలుంది" తర్వాత నుంచి.

*"సరే, గొడవెందుకు" అన్నాడు నాన్న. గొంతు ఉన్నట్టుండి మెత్తబడింది. "ఓటింగ్ పెట్టుకుందాం. నాది పక్కన పెట్టండి. ముందు సినిమానా, పాటలా, అది తేల్చండి. ఏది గెలిస్తే దాన్ని మ్యాచ్‌తో పెడదాం. చిన్నీ, నువ్వు రాయి."*

*చిన్ని లెక్కల నోట్‌బుక్ వెనక అట్టమీద మూడు పేర్లు రాసింది. పెన్సిల్ ముల్లు విరిగిపోయి ఉంది, "సినిమా" మీద రెండుసార్లు గట్టిగా దిద్దాల్సి వచ్చింది.*

*"సినిమా అనేవాళ్లు చెయ్యెత్తండి."*

*నాన్న వెంటనే ఎత్తాడు. అమ్మ ఎత్తలేదు. నాన్న చెయ్యి వైపు చూసింది, నాన్నమ్మ వైపు చూసింది, చిన్ని పుస్తకం వైపు చూసింది.*

*"ఏంటి, సినిమా సినిమా అని వారం నుంచి నువ్వే కదా?" అన్నాడు నాన్న.*

*"మొన్న ఫోన్‌లో సగం చూశాలెండి. ఒక్కదాన్నే చూస్తే నవ్వు రాలేదు" అంది అమ్మ. "ఇవాళ అత్తయ్య పాటలు విందామనిపిస్తోంది."*

*నాన్నమ్మ కళ్లజోడు పెట్టుకుని కోడలి మొహంలోకి చూసింది. "మా అమ్మే" అంది.*

*చిన్ని పాటల కింద రెండు గీతలు గీసింది. తర్వాత పాటలకీ మ్యాచ్‌కీ పెట్టింది, మళ్లీ రెండు గీతలు పాటల కిందే పడ్డాయి. నాన్న ఆ నాలుగు గీతల్నీ కాసేపు చూశాడు.*

*"సరే, ఓడిపోయా. పాటలు తొమ్మిదికి అయిపోతాయి కదా?"*

*"అయిపోతాయి" అంది నాన్నమ్మ.*

*"రెండో ఇన్నింగ్స్ అప్పటికింకా మొదలవదు. ఇప్పుడు నేను కూడా కూర్చుని వింటా, కునుకు తీయను. తర్వాత మీరు కూడా కూర్చోవాలి. ఫోన్లు పట్టుకుని లోపలికి పోకూడదు."*

*అమ్మ గడియారం చూసింది. "పదింటిదాకా కూర్చుంటా. వచ్చే ఆదివారం సినిమా, మొదట్నుంచి చివరిదాకా, అందరూ."*

*"వచ్చేవారం నీదే" అన్నాడు నాన్న.*

*"చిన్నీ, ఆ మాట కూడా రాసుకో" అంది అమ్మ.*

*నాన్న కొంచెం పక్కకి ఒరిగి తొడ కింద నుంచి రిమోట్ తీసి నాన్నమ్మకిచ్చాడు.*

మాఇంటిగోల

"ఆ మాట కూడా రాసుకో" దగ్గర గట్టిగా నవ్వేశాను, పక్క గదిలోంచి ఏమైందని అరిచారు. అది నా మాట, గుర్తుంచుకోండి. కానీ ఆ అమ్మకి చెప్పండి, నోట్‌బుక్ అట్ట సరిపోదు, గోడకి అంటించాల్సిందే.

సూటిగా

సగం పాటలు, సగం మ్యాచ్. చివరికి పంచుకున్నారు కదా! అంత లెక్కెందుకు, మొదట్లోనే గంటలు పంచుకుంటే పోయేది.

లెక్కలపిచ్చి

పంచుకోవడానికి మూడూ ఒకే రకం సరుకు కాదు. పాటలు దేనికదే, ఎక్కడ ఆపినా నష్టం లేదు. మ్యాచ్‌లోకి మధ్యలో వచ్చి కూర్చున్నా తెరమీద స్కోరు అంతా చెప్పేస్తుంది. సినిమాని మాత్రం సగం కోసి ఇవ్వలేం, అందుకే గంటలు పంచుకున్న ప్రతిసారీ సినిమా కోరినవాళ్లకే దెబ్బ. ఈ ముగింపులోనూ అదే జరిగింది, ఇవాళ సినిమా ఒక్క నిమిషం కూడా రాలేదు. అమ్మ వచ్చేవారం అడిగింది అందుకే, పైగా "మొదట్నుంచి చివరిదాకా" అని అడిగింది. ఆ మాట బాగా పడింది.

ఇంకోటి కూడా గమనించండి, పంచే ఆలోచన నాన్నకి వచ్చింది ఓడిపోయాకే. గెలిచేస్తాననుకున్నంతసేపూ ఆయనకది తట్టలేదు.

కొత్తపాఠకుడు

నాకైతే అమ్మ అత్తగారి మీద ప్రేమతోనే పాటలకి చెయ్యెత్తిందనిపించింది. మీరంతా లెక్క, ఎత్తు అంటుంటే మనసు చివుక్కుమంటోంది. నాన్నమ్మ "మా అమ్మే" అన్నప్పుడు నాకు నిజంగానే బాగా అనిపించింది.

ఎర్రసిరా

అలా అనిపించడానికి మీకు హక్కుంది, రచయిత దాన్ని తేల్చకుండా వదిలేయడమే మంచిదైంది. నా చదువులో మాత్రం నాన్నమ్మ కళ్లజోడు పెట్టుకుని మరీ కోడలి మొహంలోకి చూసింది కాబట్టి, ఆవిడకి ఎత్తు తెలిసిపోయింది, తెలిసే "మా అమ్మే" అంది. ఇద్దరూ ఒకర్నొకరు కనిపెట్టుకున్నారు. అందులో ప్రేమ లేదని నేనెక్కడన్నాను?

ఒక్క చిన్న సవరణ. "గొంతు ఉన్నట్టుండి మెత్తబడింది" తీసేయండి. నాన్న ఏదో పన్నుతున్నాడని అక్కడే బయటపెట్టేశారు. "నాది పక్కన పెట్టండి" అన్న మాటకి పాఠకుడు ఓ క్షణం మోసపోవాలి. అమ్మ చెయ్యి ఎత్తకుండా ఆగినప్పుడు గానీ విషయం తట్టకూడదు.

పెన్సిల్‌ముక్క

తీసేస్తాను. కానీ ఆ ముక్క లేకపోతే నాన్న అమాయకంగానే ఆ వరస చెప్పాడని కొందరు అనుకోవచ్చు కదా? కావాలనే చేశాడా, నోటికొచ్చినట్టు అన్నాడా, నాకే ఖచ్చితంగా తెలీదు. రాస్తున్నప్పుడు ఒక పూట అలా అనిపించింది, ఇంకో పూట ఇలా.

సూటిగా

మనిషన్నవాడు రిమోట్ తొడ కింద పెట్టుకున్నాక అమాయకుడెలా అవుతాడు?

లెక్కలపిచ్చి

వచ్చే ఆదివారం కథ కూడా రాస్తే ఒక ముడి ఇస్తాను. నాన్న మాట తప్పి మళ్లీ ఓటింగ్ అన్నాడనుకోండి. ఈసారి అమ్మ సంగతి తెలుసు కాబట్టి వరస మారుస్తాడు, ముందు మ్యాచ్‌నీ పాటల్నీ పెట్టి, గెలిచినదాన్ని సినిమాతో పెడతాడు. నాన్నమ్మ తనకిష్టమని పాటలకి చెయ్యెత్తితే పాటలు గెలిచి, తర్వాత సినిమా చేతిలో ఓడిపోతాయి, ఆవిడకి అస్సలు పడని సినిమానే వచ్చి కూర్చుంటుంది. అది తప్పించుకోవాలంటే ఆవిడ మొదటి విడతలోనే పాటల్ని వదులుకుని కొడుకు మ్యాచ్‌కి చెయ్యెత్తాలి. అంటే ఈ వారం అమ్మ చేసిన పనే వచ్చేవారం నాన్నమ్మ చేయాలి. కోడలు పాటలకి చెయ్యెత్తిన ఆదివారం ఇంకా గుర్తుండగా ఆవిడ ఆ పని చేస్తుందా అన్నది నా లెక్కలో లేదు, అది మీరే తేల్చాలి.

మాఇంటిగోల

చేయదు. మా అత్తగారైతే చేసేది.